‘బోర్డ్ జూమ్ 4కే’ క్లాసుల పెన్‌డ్రైవ్ కొనేటోళ్లు జర జాగ్రత్త

హన్మకొండల గేట్ రికార్డెడ్ క్లాసులు కొందామనుకునేటోళ్లు పైసలు కట్టేముందు ఇది చదవండి. సెంటర్ పేరు రాస్తలేను, సరుకు ఎట్లుంటదో మాత్రం చెప్త.

మా చెల్లె కోసం పోయిన నెల తీసుకున్న. మామూలు ప్యాక్ 1,200. అవే క్లాసులు ‘బోర్డ్ జూమ్ 4కే’ అయితే 2,700. కౌంటర్ కాడ చూపించిన డెమోల బోర్డు స్క్రీన్ నిండా కనిపించింది, పైసలు కట్టిన. ఇంటికొచ్చి ఏడో క్లాసు పెడితే సార్ రాసిన ప్రతి లైనూ మధ్యల నుంచి మొదలైతుంది. ప్రాబ్లం నంబర్ లేదు, బ్రాకెట్ మొదలు లేదు. ‘అన్నా, సగం లెక్క గోడ అవతల రాసినట్టుంది’ అన్నది చెల్లె.

ఆమె రూమ్‌మేట్ కాడ మామూలు ప్యాక్ ఉంటే, రెండింట్ల ఒకటే క్షణం బొమ్మ తీసి పక్కపక్కన పెట్టిన. మామూలుది 1280 × 720. అండ్ల 15 పిక్సెళ్ల వెడల్పున్న అక్షరం జూమ్‌దాంట్ల 90 ఉన్నది, అంటే ఆరింతలు. జూమ్‌ది 3840 × 2160. 3840ని ఆరుతో భాగిస్తే 640, 2160ని భాగిస్తే 360. వీడియోలను కోసే, సాగదీసే ffmpeg అనే ప్రోగ్రాంల crop ఫిల్టర్‌కు వెడల్పు, ఎత్తు మాత్రమే ఇచ్చి, ఎక్కడి నుంచి కోయాలో చెప్పకపోతే అది నట్టనడుమ ముక్క కోస్తది. అనుమానం వచ్చి మామూలు వీడియో మీద `crop=640:360` పెట్టి చూసిన. అంచుతో సహా అదే బొమ్మ. అన్ని క్లాసులకూ అదే ఒక్క లైన్ కొట్టి వదిలేసిండ్రు. డెమో క్లాసుల బోర్డు కెమెరాకు సరిగ్గా నడుమ ఉన్నది కాబట్టి అది బాగొచ్చింది. ఏడో క్లాసుల బోర్డు ఎడమకు ఉన్నది, ఎడమ దిక్కు పావు వంతు ఎగిరిపోయింది.

ఇగ 4కే సంగతి. ఫైల్ వివరాలు చూస్తే 3840 × 2160 అనే ఉంటది, అది అబద్ధం కాదు. కానీ ఒక్కో పాత పిక్సెల్‌ను 36 పిక్సెళ్ల జాగల సాగదీసిండ్రు. ఇంటిగ్రల్ గుర్తు మీది లిమిట్ అసలు వీడియోల ఆరు పిక్సెళ్ల ఎత్తు కూడా లేదు. జూమ్‌ల అది పెద్దగయింది గానీ 5 ఆ, 6 ఆ అన్నది తేలదు, మసక ముద్ద. కెమెరా పట్టని గీతను ఏ ఫిల్టర్ తేలేదు. పైగా గంట క్లాసు 300 ఎంబీ ఉన్నది 2.5 జీబీ అయి, మా లాప్‌టాప్‌ల ఆగాగి నడుస్తుంది.

మీ కాడ అసలు వీడియో లేకున్నా దీన్ని పట్టుకోవచ్చు. జూమ్ ఫైల్‌ల ఒక బొమ్మను చిన్నగ చేసి మళ్లా పెద్దగ చేయండి:

```
ffmpeg -ss 00:12:00 -i zoom7.mp4 -frames:v 1 -vf "scale=640:360,scale=3840:2160" test.png
```

`-vf` ముక్క తీసేసి, వేరే పేరుతో ఇంకో బొమ్మ తీసి రెండూ పక్కన పెట్టి చూడండి. నిజమైన 4కే అయితే test.png ల సన్న గీతలు చెదిరిపోతయి. రెండూ ఒక్కతీరుగ కనిపిస్తే అండ్ల అంతకుమించిన వివరం ముందునుంచే లేదన్నట్టు.

మామూలు ప్యాక్ ఉన్నోళ్లు బోర్డును పెద్దగ చేసే పని ఇంట్లనే చేసుకోవచ్చు. ఒక బొమ్మ తీసి పెయింట్‌ల తెరవండి. బోర్డు ఎడమ పై మూల మీద మౌస్ పెడితే కింద రెండు నంబర్లు కనిపిస్తయి. ఏడో క్లాసుకు నాకు 96, 70 వచ్చినయి. కుడి కింది మూల 960, 556. తీసివేస్తే వెడల్పు 864, ఎత్తు 486, సరిగ్గా 16:9. రాసే క్రమం వెడల్పు, ఎత్తు, తర్వాత ఎడమ నుంచి దూరం, పై నుంచి దూరం:

```
ffmpeg -i class7.mp4 -vf "crop=864:486:96:70,scale=1280:720" -c:a copy board7.mp4
```

సాగదీసింది ఒకటిన్నర ఇంతల లోపే కాబట్టి అక్షరాలు చెదరలేదు, బోర్డు మొత్తం వచ్చింది. ఆడియోను అట్లనే కాపీ చేయొచ్చు గానీ వీడియోకు `-c copy` పెడితే ఫిల్టర్ నడవదు, మళ్లా ఎన్‌కోడ్ కావాల్సిందే. మా పాత లాప్‌టాప్‌కు గంట క్లాసుకు నలభై నిమిషాలు పట్టింది. వెడల్పు గానీ ఎత్తు గానీ ఫ్రేమ్ కన్నా పెద్దదైతే కమాండ్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతది. దూరం నంబర్ల వల్ల ముక్క ఫ్రేమ్ దాటితే మాత్రం ఎర్రర్ రాదు, ముక్కను లోపలికి జరుపుకుంటది. సార్ నడుమల కెమెరా జరిపితే మాత్రం ఆ కాడికి వీడియోను రెండు ముక్కలు చేసి, రెండోదానికి కొత్త నంబర్లు తీసుకోవాలె.

సెంటర్‌కు పోయి అడిగితే ‘4కే అన్నం, 4కే ఇచ్చినం కదా’ అన్నరు. రెండు బొమ్మలు ఫోన్‌ల చూపించినంక మామూలు ప్యాక్ కూడా ఇస్తం అన్నరు, 1,500 వాపస్ మాట ఎత్తలేదు. మీరు పోతే డెమో క్లాసు కాకుండ ఐదో ఆరో క్లాసు నడుమల నుంచి పెట్టమనండి. లైను మొదలు, లిమిట్ల అంకెలు ఆడ్నే చదివి చూడండి.