కొటేషన్‌లో "16 జీబీ ర్యామ్" అని మాత్రమే ఉంటే సంతకం పెట్టకండి: గేమింగ్ కేఫ్ పెట్టేవాళ్లకు హెచ్చరిక

భీమవరం, పాలకొల్లు, అమలాపురం వైపు చిన్న గేమింగ్ కేఫ్ పెట్టే ఆలోచనలో ఉన్నవాళ్లు షాపుకి బ్యాలెన్స్ కట్టే ముందు ఇది చదవండి. మేం పది సిస్టమ్‌లు ఒకే కొటేషన్ మీద తీసుకున్నాం. బడ్జెట్ తక్కువ కాబట్టి విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. బిల్లులో పదింటికీ ఒకే లైను: రైజెన్ 5 5600G, 16 జీబీ డీడీఆర్4, 500 జీబీ ఎస్ఎస్‌డీ. తీరా చూస్తే నాలుగు ఒకలా, ఆరు ఇంకోలా నడుస్తున్నాయి.

ఆ తేడా ముందు పట్టుకున్నది కుర్రాళ్లే. కాలేజీ వదలగానే వచ్చి "అన్నా, మూడో నంబరు ఖాళీయేనా?" అని అడిగేవారు. పక్కన ఏడో నంబరు ఖాళీగా ఉన్నా కూర్చునేవారు కాదు. ఎందుకురా అంటే, వాలరెంట్‌లో నలుగురు ఒకచోట చేరి స్మోక్ పడితే బొమ్మ ఆగి ఆగి వస్తోందట. షాపుకి ఫోన్ చేస్తే "మీ నెట్ ప్రాబ్లమ్ సార్" అన్నారు. పింగ్ అన్నింటిలోనూ ఒకటే. పైగా నెట్ అక్కర్లేని జీటీఏ 5 స్టోరీ మోడ్‌లో కూడా, ఒకే సెట్టింగ్స్ మీద మూడో నంబరు 60 ఎఫ్‌పీఎస్ దరిదాపుల్లో ఉంటే ఏడోది 40 దాటలేదు. ఇక నెట్ సంగతి ఏముంది?

రెండింటి సైడ్ ప్యానెల్ ఊడదీసి చూశాం. మూడో దాంట్లో 8 జీబీ ర్యామ్ స్టిక్కులు రెండు. ఏడో దాంట్లో 16 జీబీ స్టిక్కు ఒక్కటే, పక్క స్లాట్ ఖాళీ. ర్యామ్‌లు అటుదిటు, ఇటుదటు మార్చి పెట్టాం. వెంటనే ఏడోది బాగుపడింది, మూడోది నత్తనడక పట్టింది. లోపం ఎక్కడుందో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

కారణం ఇదీ. 5600Gలో గ్రాఫిక్స్ ప్రాసెసర్‌లోనే ఉంటుంది. దానికి సొంత మెమరీ లేదు, మన ర్యామ్‌నే వాడుకుంటుంది. 3200 స్పీడు స్టిక్కు ఒక్కటే ఉంటే సెకనుకి గరిష్ఠంగా 25.6 జీబీ డేటా పారుతుంది. రెండు స్టిక్కులు రెండు ఛానెళ్లలో ఉంటే 51.2 జీబీ. చెరువులో నీళ్లు అంతే ఉన్నా ఒక్క తూమే తీస్తే చేలోకి పారేది సగమే కదా. మామూలు ఆఫీసు పనిలో ఈ తేడా దాదాపు తెలియదు. గేమ్ పెట్టినప్పుడే బయటపడుతుంది. అందుకే షాపులో డెస్క్‌టాప్ ఆన్ చేసి, ఒక వీడియో ఆడించి చూపిస్తే ఏమీ దొరకదు.

షాపాయన్ని నిలదీస్తే "16 జీబీ అన్నాం, 16 జీబీయే ఇచ్చాం" అన్నాడు. కాగితం ప్రకారం ఆయన మాట తప్పూ కాదు, అసలు చిక్కు అదే. స్టాకులో ఏది ఉంటే అది గుచ్చేశారు. కొటేషన్‌లో "8 జీబీ రెండు స్టిక్కులు, డీడీఆర్4 3200, అన్ని సిస్టమ్‌లకూ ఒకే పార్ట్ నంబరు" అని రాయించండి. అలా రాయడానికి నసిగే షాపుని అక్కడే వదిలేయండి.

డెలివరీ రోజు ఒక్కో సిస్టమ్ చూడటానికి నిమిషం చాలు. టాస్క్ మేనేజర్‌లో Performance, అందులో Memory తెరిస్తే Slots used అనే చోట 2 of 2 అని, పైన Speed దగ్గర 3200 అని ఉండాలి (బోర్డుకి నాలుగు స్లాట్లుంటే 2 of 4). నాలుగు స్లాట్ల బోర్డులో రెండు స్టిక్కులూ ఒకే ఛానెల్‌లో గుచ్చే ప్రమాదం ఉంది. కాబట్టి CPU-Z అనే ప్రోగ్రామ్‌లో మెమరీ ట్యాబ్ కూడా చూడండి, ఛానెళ్లు రెండని చూపాలి. పార్ట్ నంబర్లకి పవర్‌షెల్‌లో ఇది కొట్టండి:

```
Get-CimInstance Win32_PhysicalMemory | Select DeviceLocator, Capacity, ConfiguredClockSpeed, PartNumber
```

స్పీడు 2400 లేదా 2666 అని వస్తే కంగారు పడకండి. చాలాసార్లు బయోస్‌లో ర్యామ్‌ని దాని పూర్తి స్పీడుకి తెచ్చే XMP లేదా DOCP ఆన్ చేయకపోవడమే కారణం. చేశాక కూడా పెరగకపోతే స్టిక్కే తక్కువ రకం కావచ్చు. మాకు బాగా నడిచిన నాలుగింటిలోనూ ఒకటి అలా 2666 మీద నడుస్తుండేది, XMP ఆన్ చేశాక సర్దుకుంది.

గ్రాఫిక్స్ కార్డు పెట్టించుకునేవాళ్లు కూడా పేరు చూసి ఊరుకోవద్దు. జీటీ 1030 అనే పేరుతోనే రెండు కార్డులున్నాయి. జీడీడీఆర్5 రకం మెమరీ వేగం సెకనుకి 48 జీబీ, డీడీఆర్4 రకానిది సుమారు 17. పెట్టె మీద పేరు ఒకటే, గేమ్‌లో మాత్రం పొంతనే ఉండదు.

ఇప్పటికే ఒంటి స్టిక్కుతో కొనేసినవాళ్లు అదే పార్ట్ నంబరు 16 జీబీ ఇంకోటి కొని ఖాళీ స్లాట్‌లో పెట్టుకోవచ్చు. ఖర్చు ఎక్కువ అనుకుంటే 8 జీబీ జతకి మార్చమని అడగండి. కేబినెట్‌కి వారంటీ సీలు ఉంటే ముందు షాపుకి వాట్సాప్‌లో చెప్పి, ఒప్పుకున్నట్టు జవాబు వచ్చాకే విప్పండి. మాకు ఆరింటిలో నాలుగు మార్చారు, అదీ ఎక్స్‌ట్రా డబ్బు తీసుకుని. ఇంకా రెండు మార్చాలి.