జాగ్రత్త: గ్రాఫ్ ఫోటో నుంచి సమీకరణం చెప్పే యాప్‌కు ఏడాది చందా కట్టే ముందు అక్షాల మీద అంకెలు మూసి చూడండి

పాఠ్యపుస్తకంలోని గ్రాఫ్‌ను ఫోటో తీస్తే అది పరావలయమో, సైన్ తరంగమో, ఘాత వక్రమో గుర్తించి సమీకరణంతో సహా చెబుతుందన్న ప్రకటన చూసి, ఇంట్లో పిల్లల చదువు కోసం నేను ఒక యాప్‌కు ఏడాది చందా కట్టాను. పేరు ఇక్కడ రాయడం లేదు. ఇదే తరహా యాప్‌లు చాలా ఉన్నాయి కాబట్టి, పేరు కంటే లోపాన్ని పట్టుకునే పద్ధతి తెలియడం మీకు ఎక్కువ ఉపయోగం. పేజీని ఎలా ఫోటో తీసినా సరైన సమీకరణమే వస్తుందన్నది వారి మాట. నేను చూసినంతలో ఆ యాప్ వక్రం ఆకారాన్ని మాత్రమే చూస్తుంది, అక్షాల మీద ముద్రించిన అంకెలను చదవదు.

మొదటి అనుమానం y = 2^x దగ్గర వచ్చింది. పుస్తకంలో ఆ వక్రాన్ని x విలువ 0 నుంచి 2 వరకు మాత్రమే గీశారు. అది (0, 1), (1, 2), (2, 4) బిందువుల గుండా వెళుతుంది. యాప్ దాన్ని పరావలయమని చెప్పి, y = 0.5x^2 + 0.5x + 1 అని సమీకరణం ఇచ్చింది. మూడు బిందువులనూ అందులో ప్రతిక్షేపించి చూస్తే మూడూ సరిపోయాయి. మా అమ్మాయి దాన్నే నమ్మి, x = 3 దగ్గర విలువ 7 అని రాసింది. పుస్తకం చివర జవాబు 8 అని ఉంది.

ఇక్కడ యాప్‌కు న్యాయంగా ఒక మాట చెప్పాలి. 0కూ 2కూ మధ్య ఈ రెండు వక్రాల తేడా ఎక్కడా 0.05 యూనిట్ దాటదు. పేజీ మీద ఒక యూనిట్ ఒక సెంటీమీటరు అనుకుంటే, ఆ తేడా అర మిల్లీమీటరు లోపే, అంటే అచ్చులో గీత మందం అంత. అంత చిన్న ముక్కను చూసి ఇది పరావలయమా, ఘాత వక్రమా అని తేల్చడం మనిషి కంటికి కూడా సాధ్యం కాదు. అసలు తేడా ఆ ముక్కకు బయట ఉంది. ఎడమ వైపుకు వెళ్ళేకొద్దీ 2^x ఎక్స్ అక్షానికి దగ్గరవుతూ ఎన్నటికీ తాకకుండా పోతుంటే, యాప్ ఇచ్చిన పరావలయం x = -0.5 దగ్గర మలుపు తిరిగి పైకి లేస్తుంది. x = -2 దగ్గర ఒకటి 0.25 అయితే రెండోది 2. కాబట్టి ఆ ఫోటోకు నిజాయితీగల జవాబు ‘రెండూ సరిపోతాయి, ఇంకొంత భాగం చూపండి’ అన్నదే. ఈ యాప్ రెండో అవకాశం ఉందన్న సూచన కూడా ఇవ్వకుండా ఒక్క సమీకరణాన్నే తేల్చి చెప్పింది. నా మొదటి ఫిర్యాదు పొరపాటు గురించి కాదు, సందేహాన్ని దాచిపెట్టడం గురించి.

రెండో ఫిర్యాదు ఇంతకంటే పెద్దది. పుస్తకంలో y = sin x గ్రాఫ్ ఉంది. ఎక్స్ అక్షం మీద ఒక్కో గడికి π/2, π, 3π/2, 2π అని గుర్తులు స్పష్టంగా వేసి ఉన్నాయి. యాప్ దాన్ని సైన్ తరంగమని సరిగ్గానే గుర్తించింది కానీ, సమీకరణం y = sin(1.57x) అని ఇచ్చింది. 1.57 అంటే దాదాపు π/2. పుస్తకం ఒక గడిని π/2 అని చెబుతుంటే, యాప్ ఆ గడిని 1 అని లెక్కపెట్టుకుందన్నమాట. గ్రాఫ్ 2π గుర్తు దగ్గర ఒక ఆవృత్తి పూర్తి చేసుకుంటున్నట్టు కళ్ళెదుటే కనిపిస్తున్నా, ఆ గుర్తును అది చదవనే లేదు.

అది తెలిశాక వెతికితే అదే లోపం పరావలయంలోనూ బయటపడింది. y = 5x^2 గ్రాఫ్‌ను వై అక్షం మీద గడికి 5 చొప్పున స్కేలు తీసుకుని గీస్తే, గళ్ళ మీద అది అచ్చం y = x^2 లాగే ఉంటుంది. యాప్ y = x^2 అనే చెప్పింది. ఏ పరావలయాన్నైనా తగినంత పెద్దది చేసో చిన్నది చేసో మరో పరావలయం మీద సరిగ్గా పొదగవచ్చు కాబట్టి, x^2 ముందున్న గుణకం ఆకారంలో ఉండదు, అక్షాల మీది అంకెల్లోనే ఉంటుంది. సైన్, కొసైన్ వక్రాల సంగతీ అంతే. రెండూ ఒకే తరంగం. వై అక్షం ఎక్కడ నిలబడిందన్నదే వాటి మధ్య తేడా. ఫోటోలో మూలబిందువు కత్తిరించుకుపోతే ఆ తేడా కూడా పోతుంది.

‘ఎలా ఫోటో తీసినా’ అన్న మాట కూడా నిలవలేదు. అదే సైన్ గ్రాఫ్‌ను పుస్తకం అదిమిపెట్టకుండా తీస్తే, ఎడమ చేతి పేజీ కాబట్టి కుట్టు వైపున కాగితం వంగి, కుడి వైపు తరంగాలు ఇరుకుగా పడ్డాయి. ఈసారి జవాబు y = sin(1.73x) అయింది. ఎడమ అంచున ఒక గడి వెడల్పును కొలిచి, పేజీ అంతటికీ దాన్నే వాడుతోందని నాకు అనిపించింది. కాగితం వంగినప్పుడు వక్రంతో పాటు దాని కింది π, 2π గుర్తులూ జరుగుతాయి కాబట్టి, గుర్తులను చదివే సాధనం ఈ వంపుకు మోసపోనక్కరలేదు. మీ ఫోటోలో తేడా కాగితం వంపు వల్ల వచ్చిందో, కెమెరా పట్టుకున్న తీరు వల్ల వచ్చిందో అక్షాలను చూసి తెలుసుకోవచ్చు. కెమెరాను ఏటవాలుగా పట్టుకుంటే సరళరేఖలు సరళంగానే ఉంటాయి, గళ్ళు మాత్రం ఒక వైపుకు చిన్నవవుతూ పోతాయి. అక్షమే వంగి కనిపిస్తే తప్పు కాగితానిది.

డబ్బు వాపసు అడిగితే, ఉచిత గడువులో పరీక్షించుకుని ఉండాల్సిందన్న సమాధానం వచ్చింది. ఆ గడువులో నేను వాళ్ళిచ్చిన నమూనా పేజీలనే ప్రయత్నించాను, వాటిలో ప్రతి గడీ ఒక యూనిట్టే. అందుకే మీరు కట్టే ముందు గడికి 1 కాని స్కేలు ఉన్న గ్రాఫ్‌ను మీ పుస్తకం నుంచే ఎంచుకోండి. మొదట మామూలుగా ఒక ఫోటో తీయండి. తర్వాత రెండు అక్షాల మీది అంకెలనూ, గుర్తులనూ కాగితపు ముక్కలతో మూసి మరో ఫోటో తీయండి. అంకెలు కనిపించని ఫోటోకు ఏ సాధనమైనా వక్రం పేరు చెప్పగలదేమో గానీ, సమీకరణం చెప్పలేదు. స్కేలు కనిపించడం లేదని అడగాలి. నేను కొన్న యాప్ రెండు ఫోటోలకూ అదే సమీకరణాన్ని అంతే ధీమాగా ఇచ్చింది.

ఇప్పటికే చందా కట్టి ఇరుక్కున్నవారు దాన్ని వక్రం పేరు వరకే వాడుకోండి, సమీకరణాన్ని అక్షాలు చూసి మీరే రాసుకోండి. పేరు విషయంలో కూడా చిన్న ముక్క ఇవ్వకండి. y = 2^x నే -3 నుంచి 2 వరకు గీసి ఉన్న మరో పేజీ చూపించినప్పుడు, ఎడమ వైపు తోక కనిపించింది కాబట్టి కాబోలు, అది ఘాత వక్రమని మొదటిసారికే చెప్పింది.