ఏడంగుళాల మెట్టా, ఆరంగుళాల మెట్టా? ఒకే ఎత్తుకు మూడు లెక్కలు

ఇల్లు కట్టేటప్పుడు మెట్ల గది దగ్గరికి వచ్చేసరికి మాట ఎప్పుడూ ఒకేచోట ఆగుతుంది. ప్లాన్ గీసినవాళ్లు గది తక్కువలో తేల్చాలని చూస్తారు, ఇంట్లో పెద్దవాళ్లు మోకాళ్ల నొప్పులని మెట్టు తక్కువ ఎత్తులో ఉండాలంటారు. రెండూ న్యాయమే. అందుకే ఒక ఎత్తు పట్టుకుని లెక్క వేసి చూద్దాం. కింది ఫ్లోరింగ్ పైనుంచి పై అంతస్తు ఫ్లోరింగ్ పైదాకా 10 అడుగుల 6 అంగుళాలు, అంటే 126 అంగుళాలు. సగం ఎక్కి, ల్యాండింగ్ మీద తిరిగి, మిగతా సగం ఎక్కే మామూలు డాగ్‌లెగ్ మెట్లు. మెట్టు వెడల్పు 3 అడుగుల 6 అంగుళాలు, ల్యాండింగ్ లోతూ అంతే. ల్యాండింగ్ లోతు మెట్ల వెడల్పు కంటే తగ్గితే బీరువా పైకెక్కించే రోజున ఆ సంగతి బాగా తెలిసొస్తుంది, కాబట్టి దాన్ని తగ్గించే ఆలోచన మొదటే వదిలేద్దాం.

మొదటిది ఏడు-పది లెక్క: మెట్టు ఎత్తు, అంటే రైజర్, 7 అంగుళాలు; పాదం పెట్టే చోటు లోతు, అంటే ట్రెడ్, 10 అంగుళాలు. 126ని 7తో భాగిస్తే సరిగ్గా 18 రైజర్లు, ల్యాండింగుకు ఇటూ అటూ ఉండే ఒక్కో మెట్ల వరుసకు, అంటే ఫ్లైటుకు, తొమ్మిది చొప్పున. తొమ్మిది రైజర్లకు ట్రెడ్లు ఎనిమిదే, ఎందుకంటే చివరి అడుగు ల్యాండింగ్ మీదే పడుతుంది. కొత్తగా లెక్క వేసేవాళ్లు ఎక్కువగా పొరపాటు పడేది ఇక్కడే. ఎనిమిది పదులు 80 అంగుళాలు, దానికి ల్యాండింగ్ 42 కలిపితే గది లోపలి పొడవు 10 అడుగుల 2 అంగుళాలు.

రెండోది ఆరు-పన్నెండు. 21 రైజర్లు వస్తాయి, ఒక ఫ్లైటులో 11, రెండోదాంట్లో 10. పొడవైన ఫ్లైటుకు పది ట్రెడ్లు, అంటే 120 అంగుళాలు. ల్యాండింగుతో కలిపి 13 అడుగుల 6 అంగుళాలు. మొదటిదానికంటే 3 అడుగుల 4 అంగుళాలు ఎక్కువ. మెట్ల గది వెడల్పు 7 అడుగుల 6 అంగుళాలు అనుకుంటే ఒక్కో అంతస్తుకు 25 చదరపు అడుగులు అదనంగా పోతాయి. చిన్న బాత్రూమంత జాగా అది.

మధ్యలో ఇంకో దారి ఉంది, చాలామంది చూడకుండా దాటేస్తారు. 126ని 20తో భాగిస్తే 6.3 అంగుళాలు, అంటే 160 మిల్లీమీటర్లు. ట్రెడ్ 11 అంగుళాలు పెడితే ఫ్లైటుకు పది రైజర్లు, తొమ్మిది ట్రెడ్లు, 99 అంగుళాలు. గది పొడవు 11 అడుగుల 9 అంగుళాలు. మొదటిదానికంటే 12 చదరపు అడుగులే ఎక్కువ.

మెట్టు ఎత్తును రెండింతలు చేసి దానికి ట్రెడ్ కలిపితే 600 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ రావాలని పాత సూత్రం ఒకటుంది. 17వ శతాబ్దపు ఫ్రెంచ్ వాస్తుశిల్పి ఫ్రాంస్వా బ్లాండెల్ మనిషి నడిచే అడుగు పొడవును పట్టుకుని చెప్పిన మాట ఇది. ఏడు-పదికి 24 అంగుళాలు, ఆరు-పన్నెండుకూ 24, మధ్యదానికి 23.6. అంటే ఈ సూత్రం లెక్కన మూడూ పాసే! అందుకే ఒక్క ఈ సూత్రంతో తేల్చేయకూడదు. ఎత్తు తగ్గించి ట్రెడ్ పెంచకుండా వదిలేసే పనిని మాత్రం ఇది పట్టిస్తుంది. ఆరంగుళాల మెట్టుకు పదంగుళాల ట్రెడ్ పెడితే మొత్తం 22 అవుతుంది. ఎక్కుతుంటే అడుగు పూర్తిగా సాగదు, ఒక్కోసారి తెలియకుండానే రెండేసి మెట్లు ఎక్కేస్తాం.

అసలు తేడా దిగేటప్పుడు తెలుస్తుంది. చెప్పుతో కలిపి పెద్దవాళ్ల పాదం పది నుంచి పదకొండు అంగుళాలు దాటుతుంది. పదంగుళాల ట్రెడ్ మీద దిగుతుంటే మడమ వెనక మెట్టుకు ఆని, వేళ్లు ముందు అంచు బయటకు వస్తాయి. అప్పుడు మనకు తెలియకుండానే పాదాన్ని కాస్త పక్కకు తిప్పి దిగుతాం. మెట్టు ముందు అంచును ఒక అంగుళం బయటకు పొడుచుకొచ్చేలా, అంటే నోసింగ్‌గా, పెడితే సరిపోతుందంటారు కానీ అది ఎక్కేటప్పుడే పనికొస్తుంది, పాదం ముందుభాగం పై మెట్టు నోసింగ్ కిందకు వెళ్తుంది కనుక. దిగేటప్పుడు మడమ నోసింగ్ కిందకు దూరదు. కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లుంటే ముందు చూడాల్సింది ట్రెడ్డే, రైజర్ దాని తర్వాతే. పదకొండు అంగుళాల దగ్గర ఈ ఇబ్బంది చాలావరకు తీరిపోతుంది. పన్నెండుకు వెళ్తే ఇంకా హాయే, కానీ పది నుంచి పదకొండుకు తెలిసినంత తేడా అక్కడ తెలియదు.

ఇక వెయిస్ట్ స్లాబ్. మెట్ల కింద వాలుగా పోయే కాంక్రీటు పలక ఇది. బరువంతా మోసేది ఇదే, పైన త్రికోణాల్లా కనిపించే మెట్లు దీనిమీద కూర్చున్న బరువు మాత్రమే. మొదటి అంచనాకు స్లాబ్ ఆనే రెండు చివర్ల మధ్య దూరాన్ని, వాలు మీద కాకుండా నేలకు సమాంతరంగా కొలిచి, 25తో భాగించి, రాడ్డును కప్పే కాంక్రీటు కవరుకూ రాడ్డు మందంలో సగానికీ కలిపి 25 మిల్లీమీటర్లు చేర్చితే చాలు. ఫ్లైటు, ల్యాండింగ్ రెండూ కలిసి ఒకే స్లాబుగా పోతూ ల్యాండింగ్ చివర గోడ దగ్గర బీమ్ మీద ఆనుతాయనుకుందాం. ఏడు-పదికి దూరం సుమారు 3.2 మీటర్లు. భాగిస్తే 128, 25 కలిపితే 153, అంటే ఆరంగుళాల స్లాబ్. మధ్యదానికి 3.68 మీటర్లు, 172 మిల్లీమీటర్లు, ఏడంగుళాలు పెట్టాలి. ఆరు-పన్నెండుకు 4.2 మీటర్లు దాటుతుంది, ఎనిమిది అంగుళాల దగ్గరకు వస్తుంది. ఫ్లైటు పూర్తయ్యే చోట ల్యాండింగ్ అంచున ఇంకో బీమ్ వేస్తే స్లాబ్ పలచబడుతుంది కానీ ఆ బీమ్ కింద తల తగలకుండా చూసుకోవాలి. ఆ సంగతి కాసేపట్లో. రాడ్ల సైజు, దూరం మాత్రం స్ట్రక్చరల్ ఇంజనీరే తేల్చాలి.

మందం కాగితం మీద సరిగ్గానే ఉంటుంది, సైట్లో తప్పుతుంది. డ్రాయింగులో ఆరంగుళాలంటే వాలుకు లంబంగా, మెట్టు లోపలి మూల నుంచి స్లాబు అడుగు దాకా ఆరంగుళాలు. సెంట్రింగ్ కట్టేటప్పుడు ఎవరైనా టేపును నిలువుగా తూకం గుండులా దించి ఆరంగుళాలు చూసుకున్నారంటే, ఏడు-పది వాలులో అసలు మందం 4.9 అంగుళాలే అవుతుంది. అంగుళం పైగా పోయింది, వంగకుండా నిలిచే శక్తి దాదాపు సగానికి పడిపోతుంది. నిలువుగానే కొలవాలంటే ఏడు-పదికి 7.3 అంగుళాలు రావాలి, మధ్యదానికి ఏడంగుళాల స్లాబుకు 8 అంగుళాలు రావాలి. వాలు ఎక్కువైన కొద్దీ ఈ తప్పు పెరుగుతుంది. కాంక్రీటు పోయకముందు మెట్టు మూల దగ్గర మూలమట్టం వాలుకు ఆనించి చూస్తే నిమిషంలో తెలిసిపోతుంది.

రాడ్ల దగ్గరా ఒకటి చూడాలి. ఫ్లైటు పైకి వెళ్లి ల్యాండింగును కలిసే మూలలో కింది రాడ్డును అలాగే వంచి ల్యాండింగు అడుగుకు తీసుకెళ్లకూడదు. బరువు పడగానే ఆ రాడ్డు నిటారుగా సాగాలని చూస్తుంది, మూలలో కాంక్రీటును కిందికి పెచ్చులుగా ఊడగొడుతుంది. ఫ్లైటు కింది రాడ్డు నేరుగా పోయి ల్యాండింగు పై పొరలోకి, ల్యాండింగు కింది రాడ్డు ఫ్లైటు పై పొరలోకి, రెండూ కత్తెరలా దాటుకోవాలి. ఫ్లైటు మొదలయ్యే కింది మూలలో ఈ బెడద లేదు, అక్కడ రాడ్డు లాగే లాగుడు కాంక్రీటు లోపలికే.

హెడ్‌రూమ్, అంటే తల పైన ఉండాల్సిన ఖాళీ ఎత్తు విషయంలో మూడింటికీ ఫ్లైటు మధ్యలో సమస్య రాదు. పైన వచ్చే ఫ్లైటు ఒక అంతస్తు ఎత్తులో ఉంటుంది. ఏడు-పదిలో 126లోంచి ఒక రైజర్ 7, స్లాబు నిలువు మందం 7.3 తీసేస్తే 9 అడుగుల 3 అంగుళాలకు పైగా మిగులుతుంది. కనీసం 2 మీటర్లు కావాలనే కోడ్‌లున్నాయి, 2.2 అడిగేవీ ఉన్నాయి, ఏదైనా దాటేస్తుంది. చిక్కల్లా నడిమి ల్యాండింగు కిందే. ‘ల్యాండింగు కింద నుంచి వెనక వాకిట్లోకి తలుపు పెట్టుకుంటాం’ అని ఇంటివాళ్లు అడుగుతారు. తొమ్మిది రైజర్లకు ఎత్తు 63 అంగుళాలు, స్లాబు 6 తీస్తే 57. నాలుగడుగుల తొమ్మిదంగుళాల కింద మనిషి వంగి నడవాలి.

దానికి మందు ఫ్లైట్లను సమానంగా విడగొట్టకపోవడమే. ఏడు-పదిలో మొదటి ఫ్లైటుకు 13 రైజర్లు, రెండోదానికి 5 పెడితే ల్యాండింగ్ 91 అంగుళాల ఎత్తుకు వెళ్తుంది. స్లాబు ఆరంగుళాలనుకుంటే కింద 7 అడుగుల 1 అంగుళం. కానీ ఇప్పుడు మొదటి ఫ్లైటుకు 12 ట్రెడ్లు, 10 అడుగులు. ల్యాండింగుతో 13 అడుగుల 6 అంగుళాలు. అంటే గది చిన్నదవుతుందని ఏడు-పది ఎంచుకున్నా, కింద తలుపు కావాలనేసరికి ఆరు-పన్నెండు పొడవుకే చేరిపోయాం. పైగా స్లాబు ఆనే చివర్ల మధ్య దూరం పెరిగింది కనుక స్లాబూ ఎనిమిది అంగుళాలకు వెళ్తుంది, హెడ్‌రూమ్ 6 అడుగుల 11కి దిగుతుంది. పలచగా ఉంచుదామని ల్యాండింగు అంచున పన్నెండంగుళాల బీమ్ వేస్తే అది స్లాబు కంటే కిందికి దిగి, దారి మధ్యలో హెడ్‌రూమ్‌ను 6 అడుగుల 7 అంగుళాలకు తగ్గిస్తుంది. అక్కడ తలుపు తప్పనిసరైతే ఈ లెక్క ప్లాన్ దశలోనే వేయాలి.

ఏ లెక్క ఎంచుకున్నా చివర్లో పాడు చేసేది ఫ్లోరింగే. ఒక ఇంట్లో నేనే దీనికి దొరికిపోయాను. కాంక్రీటులో అన్ని రైజర్లూ ముచ్చటగా ఏడంగుళాలు పోయించాను. గదుల్లో ఫ్లోరింగ్ మందం రెండంగుళాలు, మెట్ల మీద రాయి అంగుళం. పూర్తయ్యాక కింది మొదటి మెట్టు 6 అంగుళాలు, పై అంతస్తుకు చేరే చివరి మెట్టు 8 అంగుళాలు! మిగతావన్నీ ఏడే. ఎక్కేవాళ్లు ప్రతిసారీ పై మెట్టు దగ్గరే బొటనవేలు కొట్టుకునేవాళ్లు, నాకు కారణం టేపు పెట్టి చూసేదాకా తట్టలేదు. అప్పటినుంచి కాంక్రీటులో మొదటి రైజరును ఎనిమిదికి పెంచి చివరిదాన్ని ఆరుకు తగ్గించి పోయిస్తున్నాను. చూడటానికి తప్పులా ఉంటుంది, మేస్త్రీ అడ్డుపడతాడు కూడా. ఫ్లోరింగ్ పడ్డాక అన్నీ ఏడే.

నా మటుకు, గదికి 11 అడుగుల 9 అంగుళాలు దొరికితే 20 రైజర్లదే వేస్తాను. పన్నెండు చదరపు అడుగులకు, ఒక అంగుళం మందానికి దిగేటప్పుడు పాదం నిండుగా ఆనుతుందంటే అది మంచి బేరం. ఇరవై మెట్లు కనుక ఫ్లైట్లు పది పది సమానంగా కూడా వస్తాయి. పదిన్నర అడుగులే ఉంటే ఏడు-పదికి సరిపెట్టుకుంటాను, అప్పుడు రెండువైపులా చేతిపట్టు అడుగుతాను. ఆరు-పన్నెండు జాగాకు లోటు లేని చోట, చాలామంది ఒకేసారి ఎక్కి దిగే చోట, ఇంటి బయటి మెట్లకు బాగుంటుంది. ఇంటి లోపల దానికోసం గదుల్ని కోయడం నాకు ఇష్టం ఉండదు.