తోబుట్టువుకి విదేశానికి గిఫ్ట్ పంపుతున్నారా? జాగ్రత్త, బిల్లు మీద ‘పంపినవారు’ ఎవరో చూసుకోండి

అన్నదమ్ములకో అక్కచెల్లెళ్లకో కొరియర్ ఏజెంట్ ద్వారా విదేశానికి పార్సిల్ పంపాలనుకునేవాళ్ల కోసం ఈ పోస్టు. "డోర్ టు డోర్ మేడమ్, ట్యాక్సులన్నీ మావే, అక్కడ వాళ్లు పైసా కట్టక్కర్లేదు" అన్న మాట వినపడితే ఒక్క నిమిషం ఆగండి.

బ్రిటన్‌లో ఉన్న మా తమ్ముడి పుట్టినరోజుకి నేను పంపినవి రెండే వస్తువులు. అమ్మ పాతబట్టల ముక్కలతో కుట్టిన బొంత, అద్దం ఫ్రేములో మా చిన్నప్పటి ఫొటో. రెండూ కలిపి రెండున్నర కిలోలు. బొంతలో గాలి తీసేసి వాక్యూమ్ కవర్‌లో అదిమి, నలభై, ముప్పై, పన్నెండు సెంటీమీటర్ల డబ్బాలో సర్దాను. కొరియర్ వాళ్లు అసలు బరువుతో పాటు డబ్బా సైజును బట్టి కూడా బరువు కడతారు. పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి చాలామంది 5000తో భాగిస్తారు. రెండింట్లో ఏది ఎక్కువైతే దానికే డబ్బులు. నా డబ్బాకి ఆ లెక్క మూడు కిలోలు కూడా దాటదు.

ఏజెంటు మనిషి వచ్చి డబ్బా తీసుకెళ్లాడు. తర్వాత బిల్లు వచ్చింది, పదహారు కిలోలకి! అడిగితే "సేఫ్టీ కోసం రీప్యాక్ చేశాం" అన్నారు. యాభై, నలభై, నలభై సైజు కార్టన్‌లో నా డబ్బా పెట్టి, చుట్టూ థర్మోకోల్ కూరారన్నమాట. గుణించి 5000తో భాగించి చూడండి, సరిగ్గా పదహారే వస్తుంది. అద్దం ఉంది కాబట్టి కొంత ప్యాకింగ్ కావాలి, కాదనను. కానీ దానికి ఐదు రెట్ల కార్టన్ ఎందుకు? డబ్బులు మొత్తం కడితేనే ట్రాకింగ్ నంబర్ ఇస్తామన్నారు. పుట్టినరోజు దగ్గర పడుతోంది. కట్టాను.

అసలు దెబ్బ అవతలి వైపు తగిలింది. బ్రిటన్‌లో 39 పౌండ్ల లోపు గిఫ్టుకి వ్యాట్ ఉండదు. అయితే అది ఒక మనిషి ఇంకో మనిషికి పంపినదై ఉండాలి, ఏ సందర్భానికో అయి ఉండాలి, కస్టమ్స్ కాగితం మీద గిఫ్ట్ అని రాసి ఉండాలి. నేను 35 పౌండ్ల విలువ వేసి, పుట్టినరోజు కానుక అని రాసే ఇచ్చాను. ఏజెంటు మాత్రం ఆ కాగితం పక్కన పడేసి తన ఇన్‌వాయిస్ పెట్టాడు. పంపినవారి గడిలో నా పేరు లేదు, వాళ్ల కంపెనీ పేరుంది. వీళ్లు అందరి పార్సిళ్లూ కలిపి తమ ఖాతా మీద పంపుతారు, వాళ్లకి వచ్చే రేటు అలాగే వస్తుంది.

తమ్ముడు ఫోన్ చేసి "అక్కా, ఎవరో కంపెనీ పంపినట్టుందేంటి? వ్యాట్ కట్టమంటున్నారు" అన్నాడు. కంపెనీ పంపితే అది గిఫ్ట్ కిందికి రాదు. పైగా వ్యాట్ 20 శాతం వస్తువు విలువ మీదే కాదు, షిప్పింగ్ ఖర్చు కూడా కలిపి వేస్తారు. ఇక్కడ పదహారు కిలోలకి ఉబ్బిన ఖర్చుకి అక్కడ మళ్లీ పన్ను! దాని మీద కొరియర్ వాళ్ల క్లియరెన్స్ ఫీజు వేరే. "ట్యాక్సులన్నీ మావే" అన్న ఏజెంటు బిల్లు తీసి చూస్తే, డీడీపీ అని ఉండాల్సిన చోట డీఏపీ అని ఉంది. డీడీపీ అంటే పన్నులు పంపేవాళ్లవి, డీఏపీ అంటే తీసుకునేవాళ్లవి. నోటితో చెప్పింది ఒకటి, కాగితం మీద ఉన్నది ఇంకొకటి.

ఫ్రేము అద్దం కూడా పగిలి చేరింది, అంత థర్మోకోల్ కూరి కూడా! తమ్ముడు ఫొటోలు తీసి పంపితే కొరియర్ కంపెనీకి రాశాను. "షిప్పర్ మాత్రమే క్లెయిమ్ చేయాలి" అని జవాబు. షిప్పర్ అంటే కాగితం మీద పంపినవారు. ఎవరు? ఏజెంటు. ఆయన ఇప్పుడు ఫోనెత్తడం లేదు.

కాబట్టి డబ్బు చేతులు మారకముందే పార్సిల్‌తో వెళ్లే ఎయిర్‌వే బిల్లు, కస్టమ్స్ ఇన్‌వాయిస్ రెండింటి డ్రాఫ్టూ వాట్సాప్‌లో పెట్టమనండి. పంపినవారిగా మీ పేరు, పూర్తి అడ్రసు ఉండాలి. కార్టన్ కొలతలు, టేపు పెట్టి తీసిన ఫొటోతో సహా అడగండి. రీప్యాక్ చేస్తే ముందు మీకు చెప్పాలని మెసేజ్‌లో రాయించుకోండి. "అదంతా మేం చూసుకుంటాం" అంటే డబ్బా వెనక్కి తెచ్చేసుకోండి.

తొందర లేకపోతే పోస్టాఫీసే నయం. అక్కడ సీఎన్ 23 అనే కస్టమ్స్ ఫారం మీరే నింపి మీరే సంతకం పెడతారు, గిఫ్ట్ గడిలో టిక్కు కూడా మీదే. బట్టల్లాంటి మెత్తటి వస్తువులు అలా పంపి, ఫొటోని స్కాన్ చేసి పంపిస్తే అక్కడే ప్రింట్ తీయించి ఫ్రేము కట్టించుకోవచ్చు. మా తమ్ముడు ఇప్పుడు చేస్తున్నది అదే.