హేజెన్-విలియమ్స్ సూత్రంతో ఏళ్ల తరబడి పంపుల లెక్కలు వేశాక

ఎత్తైన భవనాలకు నీటి సరఫరా డిజైన్ చేయడం నా వృత్తి. హైదరాబాద్ చుట్టుపక్కల వచ్చిన అపార్ట్‌మెంట్ టవర్లకు సంపు నుంచి టెర్రస్ ట్యాంకు వరకు వేసే పైపులకు రాపిడి నష్టం, అంటే పైపు గోడల రాపిడి వల్ల నీరు కోల్పోయే ఒత్తిడి, లెక్కగట్టడానికి నేను ఎక్కువగా వాడింది హేజెన్-విలియమ్స్ సూత్రమే. 20వ శతాబ్దం తొలి ఏళ్లలో ఇద్దరు అమెరికా ఇంజినీర్లు తయారుచేసిన ఈ సూత్రాన్ని ఇప్పటికీ నమ్మవచ్చా అని జూనియర్లు అడుగుతూ ఉంటారు. నమ్మవచ్చు. కానీ అందులో వేసే అంకెలను ఎక్కడి నుంచి తెచ్చుకున్నామన్న దానిమీదే ఆ నమ్మకం ఆధారపడి ఉంటుంది.

సూత్రం ఇది. పొడవు `L`, వ్యాసం `d` మీటర్లలో, ప్రవాహం `Q` సెకనుకు ఘనపు మీటర్లలో వేస్తే నష్టం `hf` నీటి ఎత్తుగా మీటర్లలో వస్తుంది. `C` పైపు లోపలి గోడ నునుపును చెప్పే అంకె.

```
hf = 10.67 × L × Q^1.852 / (C^1.852 × d^4.87)
```

దీనిలో నాకు బాగా నచ్చేది, ఏ అంకెకు ఎంత బలం ఉందో చూడగానే తెలిసిపోవడం. ప్రవాహం రెట్టింపైతే నష్టం మూడున్నర రెట్లు దాటుతుంది. వ్యాసం మీద ఉన్న ఘాతం దాదాపు 5. పైపు సైజులో చిన్న తేడా వచ్చినా పంపు ఎంపిక మారిపోయేది అందుకే. చేతిలో మామూలు కాలిక్యులేటర్ ఉంటే సైటులోనే నిలబడి లెక్క తేల్చవచ్చు.

ఒక ఉదాహరణ పూర్తిగా చూద్దాం. ఒక ప్రాంగణంలో నాలుగు టవర్లు, అన్నిటికీ కలిపి ఒక మూలన ఒకే సంపు, పంపు గది. అన్నిటికన్నా దూరపు టవర్ మొదలు దాకా బేస్‌మెంట్ పైకప్పు కింద పైపు 210 మీటర్లు నడుస్తుంది. నిలువు రైజర్, టెర్రస్ మీది పైపు కలిపి మరో 80 మీటర్లు. మొత్తం 290. సంపులో నీటి కనిష్ఠ మట్టం నేలకు 4 మీటర్ల దిగువన, ట్యాంకు ఇన్‌లెట్ నేలకు 66 మీటర్ల ఎగువన ఉన్నాయి. అంటే నీటిని ఎత్తాల్సిన నికర ఎత్తు 70 మీటర్లు. కావలసిన ప్రవాహం నిమిషానికి 600 లీటర్లు, అంటే సెకనుకు 10.

పైపు 80 మి.మీ. జీఐ, మీడియం క్లాసు. దీని లోపలి వ్యాసం 80.9 మి.మీ. ఎల్బోలు, గేటు వాల్వులు, నాన్ రిటర్న్ వాల్వు, ఒక టీ కలిగించే నష్టాన్ని నేరు పైపు పొడవుగా మార్చుకుంటే 43 మీటర్లు వచ్చింది. 80 మి.మీ. ఎల్బో ఒక్కొక్కటి సుమారు 2.4 మీటర్ల పైపుతో సమానం, స్వింగ్ రకం నాన్ రిటర్న్ వాల్వు ఒక్కటే 8 మీటర్లతో సమానం. ఇలా లెక్కకు తీసుకోవాల్సిన పొడవు 333 మీటర్లు అయింది.

కొత్త జీఐ పైపుకు `C` 120 వేస్తే నష్టం 20.6 మీటర్లు. పాతబడిన పైపుకు వేసే 100 తీసుకుంటే 28.9 మీటర్లు. నేను మధ్యలో 110 తీసుకున్నాను, 24.2 వచ్చింది. ట్యాంకు దగ్గరి ఫ్లోట్ వాల్వులోంచి నీరు సరిగా పడటానికి 3 మీటర్లు కలిపితే పంపు ఇవ్వాల్సిన మొత్తం ఎత్తు, అంటే హెడ్, 97.2 మీటర్లు. సెకనుకు 10 లీటర్ల దగ్గర 98 మీటర్ల హెడ్ ఇచ్చే పంపును ఎంచుకున్నాం.

చాలామంది కాంట్రాక్టర్లు ఈ లెక్కంతా పక్కన పెట్టి ఎత్తు మీద 10 శాతం రాపిడికి కలుపుతారు. పై ఉదాహరణలో అలా చేస్తే 7 మీటర్లే వస్తాయి, అసలు అవసరం 24. అదే ప్రాంగణంలో పంపు గదికి ఆనుకుని ఉన్న టవర్‌కు అదే సైజు పైపు, అవే ఫిట్టింగులు, మొత్తం పొడవు 148 మీటర్లే అనుకుంటే నష్టం సుమారు 11 మీటర్లు. రెండు టవర్ల ఎత్తు ఒకటే, నష్టం మాత్రం రెట్టింపుకు పైగా తేడా. రాపిడికి భవనం ఎన్ని అంతస్తులో తెలియదు, నీరు ఎంత దూరం పారిందో మాత్రమే తెలుసు. అంతస్తుల లెక్కన హెడ్ చెప్పే అలవాటు ఒక్క భవనానికి సరిపోయినట్టు కనిపిస్తుంది, పెద్ద ప్రాంగణానికి వచ్చేసరికి దెబ్బతింటుంది.

ఇంకొందరు భయంతో లెక్క మీద లెక్క కలుపుతారు. డిజైనర్ కొంత, కాంట్రాక్టర్ కొంత, డీలర్ కొంత కలిపి చివరికి 125 మీటర్ల పంపు వస్తుంది. ఎక్కువ ఉంటే నష్టమేమిటని అడుగుతారు. సెంట్రిఫ్యూగల్ పంపు తన హెడ్ ఎంతని చెప్పిందో అక్కడే నిలబడదు. పైపు అడ్డుకోనంత మేర ప్రవాహాన్ని పెంచుకుంటూ పోతుంది. ఈ పైపు మీద అలాంటి పంపు పెడితే సెకనుకు 10 బదులు పన్నెండున్నర లీటర్ల దాకా తోస్తుంది. మోటారు ఆంపియర్లు పెరుగుతాయి, ఓవర్‌లోడ్ రిలే తరచూ ట్రిప్ అవుతుంది, పంపు దగ్గర గులకరాళ్లు దొర్లినట్టు శబ్దం వస్తుంది. ఆపరేటర్ డెలివరీ గేటు వాల్వును సగం మూసి సర్దుకుంటాడు. ఏ పంపు గదిలోనైనా గేటు వాల్వు సగం మూసి ఉండగా పంపు నడుస్తుంటే నేను మొదట అనుమానించేది హెడ్ ఎంపికనే. అలా మూసిన వాల్వులో ప్రతి రోజూ కరెంటు వృథా అవుతుంది.

ఇప్పుడు `C` సంగతి. పుస్తకంలో ఇచ్చిన విలువ కొన్నేళ్ల తరువాత ఎంతవుతుందో మన దగ్గరే కొలిచి చూడవచ్చు. దీనికి కావలసింది నాన్ రిటర్న్ వాల్వు దాటాక పెట్టిన ఒక మంచి ప్రెషర్ గేజి, టెర్రస్ మీద ఒక కొలత కర్ర. పంపు ఆగి ఉన్నప్పుడు గేజి రైజర్‌లో నిలిచిన నీటి ఎత్తును చూపుతుంది. నడుస్తున్నప్పుడు దానిపై పెరిగిన భాగమే రాపిడి, ఫ్లోట్ వాల్వు కలిపిన నష్టం. ఆ సమయంలో ట్యాంకు నుంచి కిందికి వెళ్లే వాల్వులు మూసి, నీటి మట్టం నిమిషానికి ఎంత పెరుగుతుందో చూస్తే అసలు ప్రవాహం తేలుతుంది.

పైన చెప్పిన దూరపు టవర్‌లో, బోరు నీరు కొన్నేళ్లు పారాక ఇలా కొలిచాం. గేజి నేలకు 3 మీటర్ల దిగువన ఉంది కాబట్టి ఆగినప్పుడు చదరపు సెంటీమీటరుకు 6.9 కేజీలు చూపింది, అంటే 69 మీటర్లు. నడుస్తున్నప్పుడు 9.7. పెరిగింది 28 మీటర్లు, ఫ్లోట్ వాల్వుకు 3 తీసేస్తే పైపు నష్టం 25. ట్యాంకు 5 మీటర్లు బై 4 మీటర్లు, మట్టం నిమిషానికి 29 మి.మీ. పెరిగింది. అంటే నిమిషానికి 580 లీటర్లు. ఈ అంకెలను సూత్రంలో వెనక్కి వేస్తే `C` 105 దగ్గర తేలింది. కాబట్టి బోరు నీటి మీద నడిచే జీఐ లైనుకు ఇప్పుడు 110 కూడా కాస్త ఉదారంగానే అనిపిస్తోంది. అలాంటి చోట 100 వేస్తాను. నది నీరు మాత్రమే వచ్చే లైనుకు 110 కొనసాగిస్తాను.

అయితే ఇక్కడే ఈ సూత్రం ఒక నిజాన్ని దాచిపెడుతుంది. గరుకుదనం ఒక్కటే పెరిగిందని ఆ 105 మనల్ని నమ్మిస్తుంది. పైపు గోడకు రెండు మి.మీ. మందాన సున్నపు పొర పట్టినా లోపలి వ్యాసం 76.9కి దిగి, నష్టం 28 శాతం పెరుగుతుంది. `C` 120 నుంచి 105కు పడిపోయినప్పుడు కనిపించే పెరుగుదల కూడా సుమారు అంతే. ఏది ఎంత కారణమో ఒక్క గేజితో విడదీయలేం. తేల్చుకోవాలంటే ఒక ఫ్లాంజి విప్పి లోపల చూడాల్సిందే. పొర మందంగా పట్టిన లైనుకు పంపును పెంచడం కన్నా నీటి కాఠిన్యం తగ్గించడం మీదనో, పైపు మార్చడం మీదనో డబ్బు పెట్టడం మేలు.

వ్యాసం విషయంలో పైపు మీద రాసిన సైజును ఎప్పుడూ వేయకూడదు. జీఐలో పెద్ద ప్రమాదం లేదు కానీ హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ పైపులో ఉంది. అక్కడ 90 మి.మీ. అంటే బయటి వ్యాసం. పీఈ 100 రకంలో తక్కువ ప్రెషర్ క్లాసు పైపు లోపల దాదాపు 79 ఉంటే, గోడ మందంగా ఉండే 16 బార్ క్లాసులో 74 మాత్రమే ఉంటుంది. ఎత్తైన భవనానికి రెండోదే కావాలి, నష్టమేమో సుమారు 40 శాతం ఎక్కువ. ప్లాస్టిక్ నునుపుగా ఉంటుందని `C` 140, 150 వేసి సంబరపడేవాళ్లు ఈ ఐదు మి.మీ.లను మరిచిపోతే ఆ లాభమంతా అక్కడే పోతుంది.

అదే భవనంలో పైపు సైజులు మార్చి చూస్తే సూత్రం విలువ తెలుస్తుంది. `C` 110తోనే 65 మి.మీ. పైపు వేసి ఉంటే నష్టం దాదాపు 52 మీటర్లు, మొత్తం హెడ్ 125 అయ్యేది. 100 మి.మీ. అయితే నష్టం 7, మొత్తం హెడ్ 80. పంపు సామర్థ్యం 60 శాతం అనుకుంటే 80 మి.మీ. పైపుకూ 100 మి.మీ. పైపుకూ మధ్య షాఫ్టు దగ్గర దాదాపు 3 కిలోవాట్ల తేడా వస్తుంది. రోజుకు నాలుగు గంటలు నడిచినా 12 యూనిట్లు. మేము 80 వేయడానికి కారణం బేస్‌మెంట్ పైకప్పు కింద ఫైర్ లైన్లు, కేబుల్ ట్రేల మధ్య చోటు లేకపోవడం. చోటు దొరికి ఉంటే 100 వేయించేవాడిని. పైపు ఖర్చు ఒక్కసారే పెడతాం, కరెంటు బిల్లు ప్రతి నెలా వస్తుంది.

ద్రవం చిక్కదనాన్ని కూడా కలుపుకుని రాపిడి నష్టం లెక్కగట్టే డార్సీ-వైస్‌బాక్ పద్ధతి మెరుగైనది కదా అంటారు, శాస్త్రపరంగా అది నిజమే. అదే 80 మి.మీ. పైపుకు జీఐ గరుకుదనం 0.15 మి.మీ., నీరు 30 డిగ్రీలు అనుకుని ఆ పద్ధతిలో వేస్తే 100 మీటర్లకు 5.7 మీటర్ల నష్టం వచ్చింది. హేజెన్-విలియమ్స్ `C` 120తో 6.2 చెప్పింది. పైపు వయసు వల్ల వచ్చే తేడా ముందు ఈ అర మీటరు చిన్నది. మామూలు నీరు, మధ్యస్థ వేగం, 50 మి.మీ. పైబడిన పైపు ఉన్న పంపింగ్ లైనుకు నేను హేజెన్-విలియమ్స్ దగ్గరే ఆగిపోతాను. ఏసీ ప్లాంటులో గ్లైకాల్ కలిపిన చల్లటి నీటికి మాత్రం దీన్ని ముట్టుకోను. ఈ సూత్రంలో ద్రవం చిక్కదనానికి చోటే లేదు, 5 డిగ్రీల గ్లైకాల్‌కూ 30 డిగ్రీల నీటికీ ఒకే జవాబు చెబుతుంది. ఫ్లాట్ లోపల తిరిగే 15, 20 మి.మీ. సన్న పైపులకూ, నీరు మరీ నెమ్మదిగా కదిలే లైన్లకూ డార్సీ-వైస్‌బాకే వేస్తాను.