పాప ఇంజనీరింగ్‌కి సుకన్యా, సిప్పా? నెలకి ఎంత కట్టాలి?

మా ఆఫీసులో ఆడపిల్ల ఉన్న ప్రతి ఒక్కరూ నన్ను అడిగే ప్రశ్న ఇదే, పోస్టాఫీసు సుకన్య సమృద్ధి కట్టమంటావా, మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా సిప్ చెయ్యమంటావా అని. ముందు నెలకి ఎంత కావాలో లెక్కేసుకుంటే, ఎందులో పెట్టాలన్నది సగం అక్కడే తేలిపోతుంది.

పాపకి ఇప్పుడు ఆరేళ్ళు అనుకుందాం, బీటెక్‌కి ఇంకా పన్నెండేళ్ళుంది. ఒక మోస్తరు ప్రైవేటు కాలేజీలో హాస్టల్‌తో కలిపి ఇవాళ ఏడాదికి 3 లక్షలు అవుతుందనుకోండి, ఫీజు ఏటా 8 శాతం పెరిగితే మొదటి ఏడాదే 7.55 లక్షలు, నాలుగో ఏడాదికి 9.5 లక్షలు. నాలుగేళ్ళకి కలిపి 34 లక్షలు. అయితే ఇదంతా మొదటిరోజే కట్టక్కర్లేదు కదా, మిగతా డబ్బు ఎఫ్‌డీలో ఉండి టాక్స్ పోను 6 శాతం తెచ్చుకున్నా, చేరే రోజుకి చేతిలో 31 లక్షలుంటే సరిపోతుంది. ఈ 31 లక్షలే మన టార్గెట్.

ఆ 8 శాతం ఎక్కడిదంటారా, మీరు చూస్తున్న కాలేజీలో తొమ్మిదేళ్ళ కిందట చేరిన పిల్లల్ని అడగండి, వాళ్ళు కట్టినదానికి ఇప్పటి ఫీజు డబులైతే పెరుగుదల 8 శాతం ఉన్నట్టు. మన దగ్గర కన్వీనర్ సీట్ల ఫీజులు మూడేళ్ళ బ్లాక్ చొప్పున సవరిస్తారు కాబట్టి పెరుగుదల ఏటా కనపడదు, ఒక్కసారిగా ఎగురుతుంది, అందుకని రెండేళ్ళ రేట్లు మాత్రమే చూసి అబ్బే పెరగట్లేదే అనుకోకండి. ఇదే 10 శాతం అయితే టార్గెట్ 31 నుంచి దాదాపు 40 లక్షలకి పోతుంది. స్కీముల మధ్య అర శాతం తేడా గురించి గంటలు గంటలు వాదించుకునేవాళ్ళు ఈ అంకెని మాత్రం ఎవరో చెప్పింది వేసేసుకుంటారు.

మీ అంకెలతో ఎక్సెల్‌లో ఇలా వేసుకోండి:

```
=FV(8%,12,0,-300000)
=PMT(10%/12,144,0,-3100000,1)
```

మొదటి లైను పన్నెండేళ్ళ తర్వాత మొదటి ఏడాది ఫీజు చెప్తుంది, రెండోది 31 లక్షలకి నెలకి ఎంత కట్టాలో.

ఆర్డీలో 6.5 శాతం వచ్చి మీరు 20 శాతం స్లాబులో ఉంటే మిగిలేది 5.2, అప్పుడు నెలకి 15,500 దాకా కట్టాలి. ఫీజేమో 8 పరుగు, మన డబ్బేమో 5 నడక, కాబట్టి దూరాన్ని జేబులోంచి పూడ్చాలన్నమాట. సుకన్యలో ఇప్పుడు 8.2 శాతం, పైగా టాక్స్ లేదు, లెక్క ప్రకారం నెలకి 12,900 కావాలి కానీ ఏడాదికి లక్షన్నర మించి కట్టనివ్వరు, అంటే నెలకి 12,500, అలా పన్నెండేళ్ళు కడితే 30 లక్షలు. ఇండెక్స్ ఫండ్ సిప్‌లో 10 శాతం వస్తుందనుకుంటే 11,100 చాలు, గ్యారంటీ మాత్రం లేదు.

ఇంతవరకూ చూస్తే సుకన్యే బెస్ట్ అనిపిస్తుంది, రిస్క్ లేదు, టార్గెట్‌కి లక్ష మాత్రమే తక్కువ. కానీ నా మటుకు తేల్చేది వడ్డీ కాదు, కౌన్సెలింగ్‌లో సీటొచ్చిన వారం. అలాట్‌మెంట్ వచ్చాక ఫీజు కట్టడానికి కొద్ది రోజులే ఇస్తారు, ఆ రోజుల్లో ఏ డబ్బు చేతికొస్తుందన్నదే చూడాలి. సుకన్యలో పాపకి 18 నిండాకో టెంత్ పాసయ్యాకో చదువు కోసం తీసుకోవచ్చు, నిజమే, కానీ అంతకుముందు మార్చి 31 నాటికి ఉన్న బ్యాలెన్స్‌లో సగమే. అదీ అడ్మిషన్ లెటరో ఫీజు స్లిప్పో చూపిస్తే అందులో రాసున్న మొత్తం వరకే, విడతలుగా అయితే ఏడాదికి ఒక్కసారి, గరిష్ఠంగా అయిదేళ్ళు. అంటే పాసుబుక్కులో 30 లక్షలు కనపడుతుంటాయి, మీకు అందేది 15. మిగతాది అకౌంట్ తెరిచిన 21 ఏళ్ళకి, అంటే పాపకి 27 వచ్చాక. పుట్టిన నెలలోనే తెరిచినా పూర్తిగా చేతికొచ్చేది 21 నిండాకే, అప్పటికి బీటెక్ చివరికొచ్చేస్తుంది. ఇందులో తమాషా ఏంటంటే 18 దాటాక పెళ్ళి కుదిరితే అకౌంట్ మొత్తం క్లోజ్ చెయ్యనిస్తారు, చదువుకి మాత్రం సగమే!

రేటు కూడా ప్రభుత్వం మూడు నెలలకోసారి చూస్తుంది, 2015లో 9.2 ఉన్నది 2020లో 7.6కి దిగి 2024 జనవరి నుంచి 8.2లో ఉంది. పన్నెండేళ్ళూ ఇదే ఉంటుందని రాసిచ్చిందేమీ లేదు.

సిప్‌లో ఈ బంధనం లేదు, అమ్మితే రెండు మూడు పనిదినాల్లో బ్యాంకులో పడుతుంది. దాని గొడవ వేరే, 2020 జనవరిలో ఉన్న నిఫ్టీ మార్చికల్లా దాదాపు 38 శాతం పడిపోయింది, ఆ ఏడు పిల్లని కాలేజీలో చేర్చాల్సినవాళ్ళ పరిస్థితి ఊహించుకోండి. అందుకే పాప తొమ్మిదో క్లాసులోకి వచ్చినప్పట్నించీ ఏటా కొంత కొంత ఎఫ్‌డీలోకి మార్చుకుంటూ ఇంటర్ సెకండియర్ మొదలయ్యేసరికి మొదటి రెండేళ్ళ ఫీజు పూర్తిగా బయట పెట్టేయాలి. మార్కెట్ బాగుందని ఆగితే ఆ క్రమం మొత్తం పోతుంది. లాభం మీద ఏడాదికి 1.25 లక్షలు దాటినదానికి 12.5 శాతం టాక్స్ ఉంటుంది, యూనిట్లు నాలుగైదేళ్ళ మీద కొన్ని కొన్నిగా అమ్ముతారు కాబట్టి మన లెక్కలో అది మొత్తం మీద లక్ష, లక్షాపాతిక అవుతుంది, దీనికోసం భయపడక్కర్లేదు.

ఇంకో సంగతి, 11,100 ఇప్పుడు కష్టమైతే స్టెప్‌అప్ పెట్టుకోండి. నెలకి 7,700తో మొదలుపెట్టి ఏటా 8 శాతం పెంచుకుంటూ పోతే అదే 31 లక్షలు వస్తాయి, పన్నెండో ఏట నెలకి 18,000 దాకా అవుతుంది. మొత్తం మీద జేబులోంచి పోయేది లక్షన్నర ఎక్కువే, కాకపోతే జీతం పెరిగాక పోతుంది. ఫీజులు పెరుగుతుంటే మనం కట్టేది మాత్రం అక్కడే ఎందుకుండాలి. పెంపు నెల మాత్రం జూన్ పెట్టకండి, స్కూలు ఫీజు, పుస్తకాలు, యూనిఫాం అన్నీ అప్పుడే వచ్చి పడతాయి, ఆ నెలే సిప్ ఆపేస్తారు జనం.

మా ఇంట్లో మేము చేసింది రెండూ కలిపి. సుకన్యలో నెలకి 5,000, అయిదో తారీఖు లోపు వేస్తే ఆ నెల వడ్డీ కూడా వస్తుంది. పన్నెండేళ్ళకి 12 లక్షలు, అందులో 6 ఫీజుకి, మిగతా 6 పీజీకో పెళ్ళికో దాని మానాన అది ఉంటుంది. కావాల్సిన మిగతా 25 లక్షలకి స్టెప్‌అప్ సిప్ 6,200తో మొదలు. మొదటి ఏడాది నెలకి 11,200. సిప్ వైపే కాస్త ఎక్కువ మొగ్గానని తెలుస్తూనే ఉంది, పన్నెండేళ్ళున్నాయి కాబట్టే. పాపకి ఇప్పటికే పన్నెండు పదమూడొచ్చి ఉంటే ఈ లెక్క వద్దు, ఎఫ్‌డీ, ఆర్డీలే, నెలకి ఎక్కువ కట్టాల్సి వచ్చినా సరే. అప్పటికి సుకన్య కొత్తగా తెరవడానికే లేదు, పదేళ్ళు దాటకూడదు.

అబ్బాయి అయితే సుకన్య లేదు, ఆ స్థానంలో పీపీఎఫ్, 7.1 శాతం, పదిహేనేళ్ళ లాకు, కాబట్టి పుట్టినప్పుడే తెరిస్తే ఇంజనీరింగ్‌కి అందుతుంది. ఏజెంట్ తెచ్చే చైల్డ్ ప్లాన్లంటారా, బీమా కావాలంటే మీ పేరు మీద టర్మ్ పాలసీ విడిగా తీసుకోండి, అది సేవింగ్‌తో కలిపి కొనక్కర్లేదు. ప్లాటు సంగతి సరే సరి, సీటొచ్చిన వారంలో కొనేవాడు దొరకాలి కదా.