ఫోర్ హై నుంచి బయటికి రాని లివరు: ఆరేళ్ల వాడకం తర్వాత

ఈ బండిని ఆరేళ్లలో 90 వేల కిలోమీటర్లు నడిపాను. ఇంజను గురించీ మైలేజీ గురించీ రాసినవారు చాలామంది ఉన్నారు కనుక వాటి జోలికి పోను. ఇంజను బలం రెండు చక్రాలకు పోవాలా నాలుగింటికీ పోవాలా అన్నది మార్చే ట్రాన్స్‌ఫర్ కేసు లివరు గురించి మాత్రమే రాస్తాను. దానిమీద నాకు ఇంకా కోపం చల్లారలేదు, అయితే అందులో సగం నామీద నాకున్న కోపమే.

మేముండేది కడపలో, మామిడితోట రాయచోటి దగ్గర. వాన పడితే తోటదారి బంకమట్టిలో మామూలు బండి కదలదు. ఈ బండి మాత్రం నాలుగు చక్రాలూ లాగే ఫోర్ హైలో వేస్తే చాలు, నిమ్మళంగా బయటికి వచ్చేస్తుంది. లివరు రెండు వేళ్లతో పడుతుందని మొదటి ఏడాది కనిపించిన వారందరికీ చెప్పాను. ఆ మాట అబద్ధం కాదు గానీ, నాలుగు టైర్లూ ఒకే కొలతలో ఉన్నంతకాలమే అది నిజమని అప్పుడు నాకు తెలియదు.

వెనక టైర్లు అరిగినప్పుడు టైర్ల షాపులో మా కొలత 235/70 ఆర్ 16 లేదన్నారు. 245/70 ఉందని, పది మిల్లీమీటర్ల వెడల్పు తేడాతో ఏమీ కాదని చెబితే సరేనన్నాను. ఇక్కడ 70 అన్నది వెడల్పులో శాతం కాబట్టి వెడల్పు పెరిగితే టైరు ఎత్తు కూడా పెరుగుతుంది. ముందు టైర్లు అప్పటికే సగానికి పైగా అరిగి ఉన్నాయి. అయినా నాలుగు నెలలు ఏ తేడా కనిపించలేదు, ఎందుకంటే మామూలుగా నడిపే టూ హైలో వెనక చక్రాలే లాగుతాయి, ముందు చక్రాలకు ఇంజనుతో సంబంధం ఉండదు.

కార్తీకంలో ఒకరోజు తోట నుంచి బయటపడి, ఫోర్ హై తీయడం మరిచి తారురోడ్డు ఎక్కాను. రోడ్డు తడిగా ఉండి టైర్లు జారుతూ వచ్చినందువల్ల కాబోలు, బండి కాస్త బరువుగా లాగుతోందని తప్ప ఇంకేమీ అనుమానం రాలేదు. గువ్వలచెరువులో కోవా కొందామని ఆగి, తిరిగి బయలుదేరేటప్పుడు అంగడి ముందు ఆరిన తారుమీద స్టీరింగు పూర్తిగా తిప్పాను. ఎవరో హ్యాండుబ్రేకు లాగినట్టు బండి పట్టేసింది, టైర్లు కీచుమన్నాయి, రెండు కుదుపులు కుదిపి ఆగిపోయింది. అప్పుడు చూస్తే డాష్‌బోర్డులో ఫోర్ వీల్ దీపం వెలుగుతోంది. లివరు లాగితే రాలేదు. రెండు చేతులతో లాగినా ఇనుపకడ్డీలా బిగుసుకుపోయి ఉంది.

పక్కనున్న లారీ డ్రైవరు చూసి, “అన్నా, దాన్ని పెరకొద్దు. తిన్నగా ఎనక్కి పోనీ, అప్పుడొస్తాది” అన్నాడు. పది మీటర్లు వెనక్కి పోయి ఆపి లాగాను, రాలేదు. “ఆపి కాదన్నా, పోతా పోతానే లాగు” అన్నాడు. లివరుమీద కొద్దిగా బలం పెట్టి మెల్లగా ముందుకు పోనిస్తే, రెండు మూడు మీటర్లలో టక్కుమని టూ హైలో పడింది.

ఇంటికి వచ్చాక చదునైన నేలమీద టైర్లకు సుద్దగీత పెట్టి ఐదు చుట్లు దొర్లించి కొలిచాను. ముందు టైరు 11.08 మీటర్లు, వెనక టైరు 11.45 మీటర్లు నడిచింది. అంటే తిన్నటి రోడ్డుమీద కూడా కిలోమీటరుకు ముందు చక్రం సుమారు 15 చుట్లు ఎక్కువ తిరగాలి. ముందు, వెనక చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ మధ్యలో లేని ఈ ట్రాన్స్‌ఫర్ కేసు ఫోర్ హైలో ముందు, వెనక షాఫ్టులను ఒకటిగా బిగించేస్తుంది కాబట్టి ఆ తేడా ఎటూ పోలేక మెలిగా చుట్టుకుంటుంది. ఆ మెలి ఒత్తిడికే లివరు జరిపే పళ్లు బిగుసుకుపోతాయి. వెనక్కి పోతే మెలి విడుతుంది గానీ, టైర్ల కొలతలు వేరైతే విడిన మరుక్షణం నుంచే ఎదురుదిక్కుగా మళ్లీ చుట్టుకుంటుంది. నేను పది మీటర్లు పోవడంతో ఆ సందు దాటిపోయిందన్నమాట.

ఆ టైర్లు అమ్మేసి నాలుగూ పాత కొలతలోనే కొత్తవి వేయించాను. తర్వాత పట్టుబట్టి అదే అంగడి ముందు, అదే తారుమీద ఫోర్ హైలో తిప్పి చూశాను. కీచుమనడం పోలేదు. పూర్తి మలుపులో వెనక ఇరుసు పది మీటర్లు నడిస్తే ముందు ఇరుసు దాదాపు పదకొండున్నర నడవాలి గనుక, ఈ రకం బండిలో అది పోయేది కాదు, దాన్ని లోపం అనడానికీ లేదు. అయితే ఇప్పుడు స్టీరింగు నేరుచేసి నాలుగు మీటర్లు పోనిస్తే లివరు తనంతట తానే వదులవుతోంది.

ఏడాదికి పదిహేను రోజులు బురదలో దిగే నాకు ఈ బండి సరిపోతుంది. వానలో రోజూ ఘాట్ రోడ్డు ఎక్కి దిగేవారికైతే మధ్య డిఫరెన్షియల్ ఉన్న బండి మేలేమో. కాకపోతే దానికి టైర్ల తేడా ఇంకా గిట్టదు, నడిచినంతసేపూ ఆ డిఫరెన్షియల్ తిరుగుతూనే ఉండాలి. నా స్టెప్నీ ఇంకా అరిగిన పాత టైరే. అది వేసిన రోజు లివరు ముట్టుకోవద్దని మా ఆవిడ డాష్‌బోర్డు మీద చీటీ అంటించింది.